చెదిరిన అక్షరాలు, కనిపించని మూడు బైట్లు

తెలుగు పేర్లున్న సీఎస్‌వీ ఫైలును డౌన్‌లోడ్ చేసి డాష్‌బోర్డుకు ఎక్కించినప్పుడు, ‘మండలం’ అని ఉండాల్సిన చోట à°®à°‚à°¡à°²à°‚ అని కనిపిస్తుంది. చూడటానికి అర్థంలేని గీతల్లా ఉన్నా వీటిలో ఒక క్రమం ఉంది. ప్రతి తెలుగు గుర్తూ మూడు గుర్తులుగా విడిపోతుంది. మొదటిది ఎప్పుడూ à. రెండోది ° లేదా ±. మారేది మూడోది ఒక్కటే.

దీనికి కారణం తెలుగును దాచే పద్ధతిలోనే ఉంది. ఫైలులో ఉండేవి అక్షరాలు కావు, సున్నా నుంచి 255 వరకు ఉండే సంఖ్యలు. వాటిని బైట్లు అంటారు. ఏ బైట్ల వరుసను ఏ అక్షరంగా చదవాలో చెప్పే ఒప్పందమే ఎన్‌కోడింగ్. ఇవాళ దాదాపు అంతటా వాడుతున్న ఒప్పందం యూటీఎఫ్-8. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ దీనికి రూపం ఇచ్చారు. ఇందులో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగు గుర్తుకు మూడు కావాలి. గుణింతపు గుర్తు, సున్నా, పొల్లు కూడా విడివిడి గుర్తులే కాబట్టి ఒక్కోదానికీ మూడేసి బైట్లు పడతాయి. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన గడులు 0C00 నుంచి 0C7F వరకు ఒకే వరుసలో ఉన్నాయి. అందువల్ల తెలుగు గుర్తులన్నింటికీ మొదటి బైటు E0, రెండో బైటు B0 లేదా B1 అవుతుంది. ‘మ’ అంటే E0 B0 AE.

విండోస్-1252 అనేది పశ్చిమ యూరప్ భాషల కోసం పుట్టిన పాత ఒప్పందం. అందులో ఒక బైటుకు ఒక అక్షరం. దాని పట్టికలో E0 అంటే à, B0 అంటే °, AE అంటే ®. యూటీఎఫ్-8లో రాసిన ‘మ’ను ఈ పట్టిక పట్టుకుని చదివిన ప్రోగ్రాముకు à°® కనిపించక తప్పదు. ఫైలులో ఒక్క బైటు కూడా చెడిపోలేదు, చదివిన తీరే తప్పు. కాబట్టి తెర మీద కనిపించే గీతలను చూసి ఫైలు పాడైందని తీర్మానించడం తొందరపాటు. à°®ను వెతికి ‘మ’గా మార్చే ‘రీప్లేస్’ ఆదేశాలు రాసుకుంటూ పోవడం అంతకంటే పెద్ద పొరపాటు.

ముందుగా తేల్చుకోవాల్సింది తప్పు ఎక్కడ జరిగిందన్నది. వచ్చిన ఫైలులోనే బైట్లు మారిపోయాయా, లేక ఫైలు సరిగానే ఉండి చదివే ప్రోగ్రాము పొరబడిందా? జవాబు ఎడిటర్‌లో తెరిస్తే దొరకదు, ఎందుకంటే ఎడిటర్ కూడా తనకు తోచిన ఎన్‌కోడింగ్‌నే వాడుతుంది. బైట్లనే చూడాలి. మండలాల వారీ వర్షపాతం ఉన్న varsham.csv అనే ఫైలు వచ్చిందనుకుందాం. లినక్స్, మ్యాక్ యంత్రాల్లో మొదటి 18 బైట్లను ఇలా చూడవచ్చు:

```
head -c 18 varsham.csv | xxd -g1
00000000: ef bb bf e0 b0 ae e0 b0 82 e0 b0 a1 e0 b0 b2 e0
00000010: b0 82
```

విండోస్‌లో పవర్‌షెల్‌లోని Format-Hex ఇదే పని చేస్తుంది. పై వరుసలో నాలుగో బైటు నుంచి మూడేసి చొప్పున లెక్కపెడితే మ, సున్నా, డ, ల, సున్నా అని అయిదు గుర్తులు వస్తాయి. అంటే తెలుగు సవ్యంగానే ఉంది. ఇదే చోట c3 a0 c2 b0 అని కనిపించి ఉంటే కథ వేరు. అవి à, ° అనే గుర్తులకు యూటీఎఫ్-8 బైట్లు. ఎవరో ఒకసారి తప్పుగా చదివి, ఆ తప్పునే మళ్లీ భద్రపరిచారన్నమాట. 3f 3f 3f అని ప్రశ్నార్థకాలే వరుసగా ఉంటే అక్కడ తెలుగు లేదు, ఉన్న ఆనవాలు కూడా లేదు. ఈ మూడింటికీ చికిత్సలు వేరు. మొదటిదానికి చదివే తీరు మార్చాలి. రెండోదానికి జరిగిన తప్పును వెనక్కి తిప్పాలి. మూడోదానికి ఫైలును మళ్లీ తెప్పించుకోవాలి.

పై ఉదాహరణలో ‘మ’ కంటే ముందున్న ef bb bf అనే మూడు బైట్ల సంగతి మిగిలింది. ఇదే బైట్ ఆర్డర్ మార్క్, పొట్టిగా బీఓఎం. యూనికోడ్‌లో దీని సంఖ్య FEFF. రెండేసి బైట్లు వాడే యూటీఎఫ్-16లో ఏ బైటు ముందో, ఏది వెనకో చెప్పడానికి ఇది అవసరమైంది. ఫైలు FF FE అని మొదలైతే ఒక వరుస, FE FF అని మొదలైతే దానికి తిరగేసిన వరుస. యూటీఎఫ్-8లో బైట్ల వరుసకు సందేహమే లేదు కాబట్టి అక్కడ ఇది ‘ఈ ఫైలు యూటీఎఫ్-8’ అని చెప్పే ముద్రగా మాత్రమే మిగిలింది. ఆ ముద్రను గుర్తించే ప్రోగ్రాము దాన్ని పక్కన పెట్టి, తర్వాతి అక్షరం నుంచి చదువుతుంది. గుర్తించనిది దాన్ని కూడా ఒక అక్షరంగా లెక్కవేస్తుంది.

ఫైలును విండోస్-1252గా చదివితే బీఓఎం ï»¿ అని కనబడుతుంది. అది కనబడినంత కాలం పెద్ద చిక్కు లేదు. యూటీఎఫ్-8గా చదివినప్పుడే అది కనిపించకుండా పోతుంది, కానీ ఉంటుంది. పైథాన్‌లో ఫైలును utf-8 అని తెరిచి, csv.DictReader తో చదివి, row["మండలం"] అని అడిగితే అలాంటి కాలమ్ లేదని KeyError వస్తుంది. కాలమ్ పేర్లను తెర మీద ముద్రిస్తే మాత్రం మండలం చక్కగా కనిపిస్తుంది. repr() తో ముద్రిస్తేనే అసలు సంగతి బయటపడుతుంది:

```
'\ufeffమండలం'
```

KeyError రావడం ఒక రకంగా అదృష్టమే. అదే ప్రోగ్రాములో row.get("మండలం") అని రాసి ఉంటే ఏ ఫిర్యాదూ లేకుండా ఖాళీ విలువ వస్తుంది. డాష్‌బోర్డు పటంలో ఏ మండలానికీ రంగు పడదు, లెక్కలన్నీ సున్నా చూపిస్తాయి. లోపం మొదటి కాలమ్‌కే పరిమితం కావడం బీఓఎం ఉందనడానికి మంచి సూచన. వర్షపాతం కాలమ్ బాగుండి, మొదటి కాలమ్ మాత్రమే దొరకకపోతే ముందు దీన్నే అనుమానించాలి. strip() తో ఖాళీలు తీసేస్తే పోతుందనుకోవడం కూడా కుదరదు. పైథాన్ దృష్టిలో FEFF ఖాళీ కాదు. జావాస్క్రిప్ట్‌లోని trim() మాత్రం దీన్ని ఖాళీగానే చూసి తీసేస్తుంది. ఒకే ఫైలు బ్రౌజరులో సరిగా పనిచేసి, సర్వరులో విఫలం కావడానికి ఇలాంటి తేడాలే కారణం.

డౌన్‌లోడ్ చేసే దశలో మరో గుంట ఉంది. పైథాన్‌లో ఎక్కువ మంది వాడే requests లైబ్రరీలో r.text అంటే వచ్చిన బైట్లను లైబ్రరీయే అక్షరాలుగా మార్చి ఇస్తుంది. సర్వరు తన జవాబులో text/csv అని మాత్రమే చెప్పి, ఎన్‌కోడింగ్ ఏమిటో చెప్పకపోతే, ఈ లైబ్రరీ దాన్ని ఐఎస్ఓ-8859-1 అనుకుంటుంది. ఒకప్పటి వెబ్ ప్రమాణంలో అదే నియమం. 2014లో ఆ నియమాన్ని తీసేశారు కానీ అలవాటు మిగిలింది. ఐఎస్ఓ-8859-1 కూడా విండోస్-1252 లాంటిదే. అయితే 80 నుంచి 9F వరకు ఉన్న బైట్లకు అందులో కనిపించే గుర్తులు లేవు. అందుకే సున్నా గుర్తు విండోస్-1252లో à°‚ అని మూడు గుర్తులుగా కనిపిస్తే, ఇక్కడ à° అని రెండే కనిపిస్తాయి, మూడోది కంటికి ఆనదు. చెదిరిన పాఠంలో ‚ † ‡ € లాంటివి కనిపిస్తే దోషి విండోస్-1252, కనిపించకపోతే ఐఎస్ఓ-8859-1 అని చాలావరకు చెప్పవచ్చు. అన్నట్టు, à°‚లో చివర ఉన్నది కామాలా ఉన్నా కామా కాదు. సీఎస్‌వీ కాలమ్‌లు దాని వల్ల చీలిపోవు.

మందు సులభం. r.text ను వదిలేసి, బైట్లను బైట్లుగానే ఇచ్చే r.content తీసుకోవాలి. దాన్ని మొదట ఉన్నదున్నట్టుగా డిస్కులో భద్రపరచాలి. ఆ తర్వాత ఒకే ఒక చోట, ఏ ఎన్‌కోడింగో స్పష్టంగా చెప్పి, అక్షరాలుగా మార్చాలి:

```python
def to_text(data):
    if data[:2] in (b"\xff\xfe", b"\xfe\xff"):
        return data.decode("utf-16")
    return data.decode("utf-8-sig")
```

utf-8-sig అంటే బీఓఎం ఉంటే తీసేసి, లేకపోతే మామూలుగా చదివే యూటీఎఫ్-8. ఫైలు ఏ రోజు ఎలా వచ్చినా ఇది సరిపోతుంది. యూటీఎఫ్-16 కోసం పెట్టిన వరుస అనవసరంగా కనిపించవచ్చు కానీ కాదు. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో > గుర్తుతో ఫైలుకు రాస్తే అది యూటీఎఫ్-16లోనే రాస్తుంది. ఎక్సెల్‌లో Unicode Text అని భద్రపరిచినా అంతే. పైగా ఎక్సెల్ ఆ ఫైలులో కామాల బదులు ట్యాబ్‌లు పెడుతుంది కాబట్టి అక్షరాలు బాగుపడ్డాక కాలమ్‌ల విభజన కూడా చూసుకోవాలి.

పై ప్రోగ్రాములో errors="ignore" లేకపోవడం గమనించాలి. అర్థం కాని బైటు వస్తే ప్రోగ్రాము ఆగిపోవాలి. యూటీఎఫ్-8 నియమాలు కఠినమైనవి. వేరే ఎన్‌కోడింగ్‌లో రాసిన పాఠం పొరపాటున యూటీఎఫ్-8గా చెల్లుబాటు కావడం చాలా అరుదు. అందుకే ముందు దానితోనే ప్రయత్నించాలి. ఐఎస్ఓ-8859-1 దీనికి పూర్తిగా వ్యతిరేకం. దానికి ప్రతి బైటూ చెల్లుతుంది. అది ఎప్పుడూ విఫలం కాదు కాబట్టి అది సఫలమైందంటే తెలిసేది ఏమీ ఉండదు. నిజంగానే విండోస్-1252లో ఉన్న ఫైళ్లు కూడా వస్తాయి. అంతా ఇంగ్లిష్‌లో ఉండి, మధ్యలో ఒక పొడవాటి గీత 96 అనే బైటుగా వచ్చిన ఫైళ్లు అలాంటివి. ఫలానా చోటు నుంచి వచ్చే ఫైలు అలాంటిదని తెలిసినప్పుడే, ఆ ఒక్కదానికే ఆ ఎన్‌కోడింగ్ చెప్పాలి. తెలుగు ఉన్న ఫైలు మాత్రం ఎన్నటికీ విండోస్-1252 కాదు. ఆ పట్టికలో తెలుగు అక్షరాలకు చోటే లేదు.

చదివే తీరు సరిచేశాక కూడా గీతలు పోకపోతే, ఫైలులోనే తప్పు దాగి ఉంది. సాధారణంగా ఇది ఎక్సెల్ దగ్గర పుడుతుంది. బీఓఎం లేని యూటీఎఫ్-8 సీఎస్‌వీని మౌసుతో రెండుసార్లు నొక్కి తెరిస్తే ఎక్సెల్ దాన్ని ఆ యంత్రం తాలూకు పాత కోడ్ పేజీలో చదువుతుంది. చాలా యంత్రాల్లో అది విండోస్-1252. తెరిచినవారు ఏదో ఒక అంకె దిద్ది, CSV UTF-8 అని ఎంచుకుని భద్రపరిస్తే, తెర మీది గీతలన్నీ నిజమైన అక్షరాలుగా, బీఓఎంతో సహా ఫైలులోకి ఎక్కుతాయి. అప్పటిదాకా చదవడంలో ఉన్న తప్పు ఇప్పుడు రాతలోకి వచ్చింది. దీనికి తిరగేసిన సందర్భం మరీ దారుణం. తెలుగు సరిగా కనిపిస్తున్న పట్టికను మామూలు CSV గా భద్రపరిస్తే, కోడ్ పేజీలో లేని ప్రతి తెలుగు గుర్తూ ప్రశ్నార్థకం అయిపోతుంది.

రెండుసార్లు ఎన్‌కోడ్ అయిన ఫైలును బాగుచేయడానికి జరిగిన తప్పును వెనక నుంచి ముందుకు నడిపించాలి. గీతలను విండోస్-1252 బైట్లుగా మార్చి, ఆ బైట్లను యూటీఎఫ్-8గా చదవాలి. ‘పిఠాపురం’ను తీసుకుంటే, అసలు పేరులో ఎనిమిది గుర్తులు, 24 బైట్లు. రెండోసారి ఎన్‌కోడ్ అయ్యాక అది 49 బైట్లు అవుతుంది. పైథాన్‌లోని cp1252 తో దీన్ని వెనక్కి తిప్పబోతే పని మధ్యలో ఆగిపోతుంది. కారణం ‘పు’లోని కొమ్ము. దాని మూడో బైటు 81. విండోస్-1252 పట్టికలో 81, 8D, 8F, 90, 9D అనే అయిదు గడులు ఖాళీ. తెలుగు దురదృష్టం ఏమిటంటే కొమ్ము 81 మీద, పొల్లు 8D మీద పడ్డాయి. కొమ్ము గానీ ఒత్తు గానీ లేని తెలుగు వాక్యం దొరకడం కష్టం. ఏ, ఐ, ఝ కూడా ఆ ఖాళీ గడుల్లోనే ఉన్నాయి. తప్పు చేసిన ప్రోగ్రాము విండోస్ అలవాటు ప్రకారం ఈ గడులను కనిపించని నియంత్రణ గుర్తులుగా దాచి ఉంటుంది. వెనక్కి తిప్పేటప్పుడు వాటిని ఒప్పుకునే పట్టిక కావాలి. ftfy అనే పైథాన్ లైబ్రరీ అలాంటిదాన్ని ఇస్తుంది:

```python
import ftfy.bad_codecs
good = bad.encode("sloppy-windows-1252").decode("utf-8")
```

తప్పు జరిగింది ఐఎస్ఓ-8859-1 వల్లనైతే మొదటి పేరు బదులు latin-1 అని రాస్తే చాలు, లైబ్రరీ కూడా అక్కర్లేదు. ఈ దిద్దుబాటును ఫైలు మొత్తానికి ఒకేసారి కాకుండా వరుసల వారీగా చేయడం మంచిది. పాత వరుసలు చెదిరి, కొత్తవి బాగున్న ఫైళ్లు తరచుగా వస్తాయి. సరైన తెలుగు ఉన్న వరుసను ఈ ఆదేశానికి ఇస్తే encode దగ్గరే ఆగిపోతుంది కాబట్టి బాగున్నది పాడయ్యే ప్రమాదం లేదు. ఇంగ్లిష్, అంకెలు మాత్రమే ఉన్న వరుస ఏ మార్పూ లేకుండా బయటికొస్తుంది.

ఈ వైద్యానికి ఒక షరతు ఉంది. మధ్యలో ఎవరూ పాఠాన్ని ‘శుభ్రం’ చేసి ఉండకూడదు. నియంత్రణ గుర్తులను తీసేసే దశ ఒకటి ఉంటే కొమ్ములు, పొల్లులు ఎప్పటికీ తిరిగి రావు. ‘పిఠాపురం’లోని ఠకు ఇంకో గండం ఉంది. దాని మూడో బైటు A0, అంటే విండోస్-1252లో పంక్తి విరగనివ్వని ఖాళీ. దాన్ని మామూలు ఖాళీగా మార్చే ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయి. అలా మారితే A0 కాస్తా 20 అవుతుంది, ఆ పేరు యూటీఎఫ్-8గా చదవడానికి లొంగదు. అలాంటి పేర్లను మండలాల అధికారిక జాబితాతో పోల్చి చేత్తో దిద్దుకోవడం ఒక్కటే దారి. మొదట దింపిన బైట్లను యథాతథంగా దాచమని చెప్పడం ఇందుకే.

నెలనెలా వచ్చే ఫైళ్లను ఒకటిగా కలిపే చోట బీఓఎం మళ్లీ తలెత్తుతుంది. cat తో ఫైళ్లను అతికిస్తే రెండో ఫైలు తాలూకు బీఓఎం కొత్త ఫైలు మధ్యలోకి వస్తుంది. utf-8-sig మొదట్లో ఉన్నదాన్నే తీస్తుంది, మధ్యలోది ఉండిపోతుంది. రెండోసారి వచ్చిన శీర్షిక వరుసను ‘మండలం’ అని వెతికి తీసేసే ప్రోగ్రాముకు అది చిక్కదు, ఫలితంగా డాష్‌బోర్డులో ‘మండలం’ అనే పేరుతో ఒక కొత్త మండలం పుట్టుకొస్తుంది. ఒక్కో ఫైలును విడిగా అక్షరాలుగా మార్చిన తర్వాతే కలపాలి. అలాగని కనిపించని గుర్తులన్నింటినీ ఊడ్చేయడం తెలుగులో పనికిరాదు. ‘ఫోన్‌లో’ అన్న మాటలో న, ల కలిసి ఒత్తుగా మారకుండా ఆపుతున్నది 200C అనే కనిపించని గుర్తే. దాన్ని తీసేస్తే ‘ఫోన్లో’ అవుతుంది. పేర్లు పోల్చే చోట ఈ తేడా రెండు వేర్వేరు పేర్లను సృష్టిస్తుంది. తీయాల్సింది FEFF ఒక్కటే.

సమాచారం డాష్‌బోర్డులోకి ఎక్కే ముందు ఒక చిన్న కాపలా పెట్టుకోవచ్చు. అక్షరాలుగా మార్చిన పాఠంలో à° గానీ à± గానీ, చదవలేని బైటుకు బదులుగా పెట్టే FFFD గుర్తు గానీ, FEFF గానీ కనిపిస్తే ఎక్కించడం ఆపేయాలి. మామూలు పాఠంలో à పక్కనే ° రావడం జరగని పని కాబట్టి తప్పుడు హెచ్చరికల భయం లేదు. ప్రశ్నార్థకాలను మాత్రం ఈ కాపలా పట్టుకోలేదు. వాటికి మండలాల జాబితాతో సరిపోల్చడమే పరీక్ష. సరిపోలని పేర్లు ఎన్నున్నాయో డాష్‌బోర్డు నిర్వాహకుడికి చూపించాలి, నిశ్శబ్దంగా వదిలేయకూడదు.

బయటికి ఇచ్చే ఫైలు విషయంలో నియమం తలకిందులవుతుంది. డాష్‌బోర్డు నుంచి సీఎస్‌వీ దింపుకునేవారు ఎక్కువగా దాన్ని ఎక్సెల్‌లోనే తెరుస్తారు. వారికోసం utf-8-sig తో, అంటే బీఓఎంతోనే రాయాలి. అప్పుడే రెండు నొక్కులతో తెరిచినా తెలుగు నిలబడుతుంది. వేరే ప్రోగ్రాములు చదువుకునే ఫైలులో మాత్రం అది ఉండకూడదు. జేసన్ ప్రమాణం ఇంటర్నెట్‌లో పంపే పాఠానికి బీఓఎం చేర్చవద్దని స్పష్టంగా చెబుతోంది. బీఓఎం లేని ఫైలు ఇప్పటికే చేతికొచ్చినవారు ఎక్సెల్‌లో దాన్ని నేరుగా తెరవకుండా, Data మెనూలోని From Text/CSV ద్వారా తెచ్చుకుని, File Origin దగ్గర 65001 ఎంచుకోవాలి. ఆ సంఖ్య యూటీఎఫ్-8 కోడ్ పేజీది.

తెలుగు డీటీపీ కేంద్రాల నుంచి వచ్చే పాత ఫైళ్లను ఈ కోవలో చేర్చకూడదు. అను వంటి పాత ఫాంట్లలో కూర్చిన పాఠం కూడా వేరే ఫాంటులో తెరిస్తే గీతల్లాగే కనిపిస్తుంది. కానీ అందులో à°, à± జంటలు వరుసగా రావు. అక్కడ తెలుగు అన్నది ఫాంటు బొమ్మల్లోనే ఉంది, కింద ఉన్న బైట్లు లాటిన్ అక్షరాలవే. ఏ ఎన్‌కోడింగ్ పేరు మార్చి చదివినా అది తెలుగు కాదు. దానికి ఆ ఫాంటు కోసమే తయారుచేసిన యూనికోడ్ మార్పిడి సాధనం కావాలి.